ఇరవై వేల సీసాలు దాటాకే లాభం

బ్రేక్ ఈవెన్ పాయింట్ అంటే అమ్మకాల రాబడి, మొత్తం ఖర్చు సరిగ్గా సమానమయ్యే చోటు. అక్కడ లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. ఆ చోటు దాటి వ్యాపారం ఎంత ముందుకు వెళ్లిందో చెప్పేది మార్జిన్ ఆఫ్ సేఫ్టీ. అమ్మకాలు ఎంత తగ్గినా నష్టంలో పడకుండా ఉండవచ్చో ఆ సంఖ్యే చెబుతుంది. బీకాం కాస్ట్ అకౌంటింగ్ పేపర్లోనూ, సీఏ, సీఎంఏ ఇంటర్మీడియట్ పరీక్షల్లోనూ మార్జినల్ కాస్టింగ్ అధ్యాయం నుంచి ఇచ్చే అసైన్‌మెంట్లలో ఈ రెండూ జంటగా వస్తాయి. లెక్క చేశాక చివర్లో, ఈ ఫలితాలను బట్టి వ్యాపారం పరిస్థితి ఏమిటో నాలుగైదు వాక్యాల్లో రాయమని అడుగుతారు.

లెక్కలో ఉన్నవి రెండు మూడు భాగహారాలే. అసలు పని వాటికి ముందూ వెనకా ఉంటుంది. ముందు, ఏ ఖర్చు ఏ వర్గంలోకి వస్తుందో తేల్చాలి. వెనక, వచ్చిన సంఖ్యకు అర్థం చెప్పాలి. మార్కులు పోయేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. అసైన్‌మెంట్లలో వచ్చే తరహాలోనే ఒక ఆవకాయ తయారీ యూనిట్ లెక్కను మొదటి నుంచి చివరి వరకు చేసి చూస్తే రెండూ తెలుస్తాయి.

ప్రశ్న

ఒక చిన్న యూనిట్ అరకిలో ఆవకాయ సీసాలు తయారుచేసి అమ్ముతోంది. సీసా ధర 150 రూపాయలు. ఏడాదిలో 25,000 సీసాలు అమ్మింది. సీసా ఒక్కింటికి మామిడికాయ, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు కలిపి 72 రూపాయలు. ఖాళీ సీసా, మూత, లేబుల్, అట్టపెట్టెలకు 14 రూపాయలు. ముక్కలు కొట్టి, కలిపి, నింపే కూలీలకు సీసాల లెక్కన 9 రూపాయలు. దుకాణాలకు తిప్పే ఏజెంటుకు అమ్మకం ధరపై 6 శాతం కమీషన్. ఏడాదికి షెడ్డు అద్దె 2,40,000, నెల జీతాల సిబ్బందికి 4,80,000, యంత్రాల తరుగుదల 80,000, బీమా, లైసెన్సు ఫీజులు 40,000 రూపాయలు. కరెంటు, మరమ్మతుల ఖర్చు ఏడాదికి 85,000. ఈ చివరి ఖర్చు 3,200 సీసాలు నింపిన నెలలో 8,200 రూపాయలు, 1,200 సీసాలు నింపిన నెలలో 6,200 రూపాయలు అయింది.

అడిగినవి మూడు. బ్రేక్ ఈవెన్ పాయింట్ ఎంత? మార్జిన్ ఆఫ్ సేఫ్టీ ఎంత? ధర 10 శాతం తగ్గిస్తే అమ్మకాలు 20 శాతం పెరుగుతాయని ఏజెంటు అంటున్నాడు. ఆ పని చేయవచ్చా?

ఖర్చులను విడదీయడం

మొదటి పని ఖర్చులన్నిటినీ రెండు కుప్పలు చేయడం. అమ్మే సీసాల సంఖ్యతో పాటు పెరిగి తగ్గేవి చర వ్యయాలు. ఒక్క సీసా అమ్మకపోయినా కట్టక తప్పనివి స్థిర వ్యయాలు. మామిడికాయ, కారం, సీసా, కూలి, కమీషన్ మొదటి కుప్పలోకి వెళ్తాయి. అద్దె, నెల జీతాలు, తరుగుదల, బీమా రెండో కుప్పలోకి వెళ్తాయి.

కూలి విషయంలో తొందరపడకూడదు. 'కూలి', 'జీతం' అన్న పేరును బట్టి వర్గం తేలదు, చెల్లించే పద్ధతిని బట్టి తేలుతుంది. సీసాకు ఇంత అని ఇస్తే చర వ్యయం. పని ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి ఇవ్వాల్సిందైతే స్థిర వ్యయం. ఈ యూనిట్‌లో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి రెండు కుప్పల్లోనూ మనుషుల ఖర్చు కనిపిస్తుంది.

కరెంటు, మరమ్మతుల ఖర్చు ఏ కుప్పలోనూ పూర్తిగా ఇమడదు. మీటరుకు కట్టే కనీస ఛార్జీ, ఏటా చేయించే సర్వీసింగ్ ఎలాగూ ఉంటాయి. ఆపైన యంత్రం తిరిగిన కొద్దీ బిల్లు పెరుగుతుంది. ఇలాంటివాటిని అర్ధ చర వ్యయాలు అంటారు. ప్రశ్నలో రెండు నెలల వివరాలు ఇచ్చింది వీటిని విడదీయడానికే. ఎక్కువ పని జరిగిన నెలనూ తక్కువ పని జరిగిన నెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. సీసాల తేడా 2,000. ఖర్చు తేడా కూడా 2,000 రూపాయలు. స్థిర భాగం రెండు నెలల్లోనూ ఒకటే కాబట్టి ఈ తేడా అంతా సీసాల వల్ల వచ్చిందే. అంటే సీసాకు 1 రూపాయి చర భాగం. 3,200 సీసాల నెలలో 8,200 రూపాయల నుంచి 3,200 తీసేస్తే మిగిలిన 5,000 ఆ నెల స్థిర భాగం. ఏడాదికి 60,000.

ఇక్కడే ఒకసారి సరిచూసుకోవచ్చు. 60,000 రూపాయలకు 25,000 సీసాల చర భాగం 25,000 కలిపితే 85,000. ప్రశ్నలో ఇచ్చిన ఏడాది మొత్తం అదే కాబట్టి విభజన సరిగ్గా ఉంది. ఇలా చూసుకోకుండా 85,000 మొత్తాన్నీ స్థిర వ్యయంలో కలిపేస్తే చివరి జవాబు 109 సీసాలు తప్పుతుంది. తేడా చిన్నదే అయినా, ఖర్చులను విడదీయడం వచ్చా రాదా అని చూడటానికే ఆ వివరం ఇచ్చారు కాబట్టి మార్కులు అక్కడే పోతాయి.

విడదీశాక లెక్క ఇలా నిలుస్తుంది.

| సీసాకు చర వ్యయాలు | రూ. | ఏడాదికి స్థిర వ్యయాలు | రూ. |
|---|---|---|---|
| ముడి సరుకులు | 72 | షెడ్డు అద్దె | 2,40,000 |
| సీసా, మూత, లేబుల్, పెట్టె | 14 | నెల జీతాలు | 4,80,000 |
| సీసాల లెక్కన కూలి | 9 | తరుగుదల | 80,000 |
| కమీషన్ (150పై 6%) | 9 | బీమా, లైసెన్సు | 40,000 |
| కరెంటు, మరమ్మతుల చర భాగం | 1 | కరెంటు, మరమ్మతుల స్థిర భాగం | 60,000 |
| మొత్తం | 105 | మొత్తం | 9,00,000 |

కంట్రిబ్యూషన్

సీసా 150 రూపాయలకు అమ్మితే అందులో 105 రూపాయలు ఆ సీసా కోసమే ఖర్చయిపోతాయి. మిగిలిన 45 రూపాయలను కంట్రిబ్యూషన్ అంటారు. దీన్ని లాభం అనకూడదు. అద్దె, జీతాలు కట్టుకోవడానికి ఆ సీసా తన వంతుగా ఇచ్చేది ఇది. అమ్మిన ప్రతి సీసా 45 రూపాయలు తెచ్చి ఒక హుండీలో వేస్తున్నట్టు ఊహించుకోవచ్చు. హుండీలో 9,00,000 నిండేదాకా ఆ డబ్బంతా స్థిర వ్యయాలకే పోతుంది. నిండిన తర్వాత పడే ప్రతి 45 రూపాయలూ లాభమే.

కంట్రిబ్యూషన్ అమ్మకం ధరలో ఎంత శాతమో చెప్పేది పి/వి రేషియో. 45ను 150తో భాగిస్తే 30 శాతం. అంటే గల్లాలో పడిన ప్రతి 100 రూపాయల్లో 30 రూపాయలు హుండీకి చేరుతున్నాయి. ఈ నిష్పత్తిని ఎప్పుడూ అమ్మకం ధర మీదే లెక్కకట్టాలి. ఖర్చు మీద కడితే 42.86 శాతం వస్తుంది. ఆ తర్వాత వచ్చే జవాబులన్నీ తప్పుతాయి.

బ్రేక్ ఈవెన్ పాయింట్

హుండీ నిండటానికి ఎన్ని సీసాలు కావాలన్నదే ఇప్పుడు తేలాలి.

బ్రేక్ ఈవెన్ పాయింట్ (సీసాల్లో) = స్థిర వ్యయాలు ÷ సీసాకు కంట్రిబ్యూషన్
= 9,00,000 ÷ 45 = 20,000 సీసాలు

బ్రేక్ ఈవెన్ పాయింట్ (రూపాయల్లో) = స్థిర వ్యయాలు ÷ పి/వి రేషియో
= 9,00,000 ÷ 30% = 30,00,000 రూపాయలు

ఈ రెండు జవాబులూ ఒకదాన్నొకటి సరిచూస్తాయి. 20,000 సీసాలను 150తో గుణిస్తే 30,00,000 రావాలి, వచ్చింది. ఇంకా గట్టి రుజువు కావాలంటే ఆ స్థానంలో లాభనష్టాల పట్టిక వేసి చూడవచ్చు. 20,000 సీసాల రాబడి 30,00,000. చర వ్యయం 21,00,000, స్థిర వ్యయం 9,00,000, మొత్తం 30,00,000. మిగిలేది సున్నా. ఈ రుజువును జవాబు కింద ఒక్క వరుసలో రాస్తే దిద్దేవారికి వేరే వివరణ అక్కర్లేదు.

భాగహారం అన్నిసార్లూ ఇలా నిండుగా తెగదు. 20,108.7 అని వస్తే 20,109 అని రాయాలి. దశాంశం ఎంత చిన్నదైనా పై అంకెకే వెళ్లాలి, ఎందుకంటే 20,108 సీసాల దగ్గర హుండీ ఇంకా నిండలేదు.

గ్రాఫ్ గీయమని అడిగితే అడ్డగీత మీద సీసాలు, నిలువుగీత మీద రూపాయలు తీసుకోవాలి. స్థిర వ్యయం 9,00,000 దగ్గర అడ్డంగా సాగే గీత. మొత్తం వ్యయం అక్కడి నుంచే మొదలై పైకి వాలుతుంది. అమ్మకాల గీత సున్నా నుంచి బయలుదేరి అంతకంటే నిటారుగా ఎక్కుతుంది. రెండూ 20,000 సీసాల దగ్గర కలుస్తాయి. కలిసే చోటికి ఎడమవైపు ఉన్న చీలిక నష్టం, కుడివైపున్నది లాభం. అడ్డగీత మీద ఆ చోటి నుంచి 25,000 వరకు ఉన్న దూరమే మార్జిన్ ఆఫ్ సేఫ్టీ.

మార్జిన్ ఆఫ్ సేఫ్టీ

అసలు అమ్మకాల్లోంచి బ్రేక్ ఈవెన్ అమ్మకాలు తీసేస్తే మార్జిన్ ఆఫ్ సేఫ్టీ వస్తుంది. సీసాల్లో 25,000 − 20,000 = 5,000. రూపాయల్లో 37,50,000 − 30,00,000 = 7,50,000. శాతంలో చెప్పాలంటే 7,50,000ను 37,50,000తో భాగించాలి, 20 శాతం. భాగించాల్సింది అసలు అమ్మకాలతోనే. బ్రేక్ ఈవెన్ అమ్మకాలతో భాగిస్తే 25 శాతం వస్తుంది. చూడటానికి సరైన జవాబులాగే ఉంటుంది కానీ తప్పు.

లాభం దీంట్లోంచే వస్తుంది. బ్రేక్ ఈవెన్ దాటాక అమ్మిన 5,000 సీసాలు ఒక్కొక్కటి 45 రూపాయలు ఇచ్చాయి కాబట్టి లాభం 2,25,000. దీన్నే మరో దారిలో రాబట్టవచ్చు: 7,50,000లో 30 శాతం 2,25,000. మామూలు పట్టిక వేసినా 37,50,000 నుంచి 26,25,000 చర వ్యయం, 9,00,000 స్థిర వ్యయం పోగా అదే 2,25,000 మిగులుతుంది. మూడు దారులూ ఒకే చోటికి చేరకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 9,00,000 స్థిర వ్యయాన్ని 25,000 సీసాలకు పంచి, సీసాకు 36 రూపాయలు అనుకుంటారు. దానికి 105 కలిపి సీసా ఖర్చు 141, లాభం 9 రూపాయలు అని తేలుస్తారు. ఏడాది మొత్తానికి అది సరైనదే. 25,000 సీసాల మీద 9 రూపాయల చొప్పున 2,25,000 వస్తుంది. కానీ అమ్మకాలు మారినప్పుడు ఈ లెక్క మోసం చేస్తుంది. 20,000 సీసాలే అమ్మితే 9 రూపాయల చొప్పున 1,80,000 లాభం రావాలి. నిజానికి వచ్చేది సున్నా. అమ్మిన సీసాలు తగ్గగానే ఒక్కో సీసా మీద పడే స్థిర వ్యయం 36 నుంచి 45కు పెరిగింది; ఆ 9 రూపాయల లాభాన్ని అది మింగేసింది. అందుకే బ్రేక్ ఈవెన్ లెక్కలో స్థిర వ్యయాన్ని సీసాకు పంచకుండా మొత్తంగానే ఉంచుతారు.

ధర తగ్గించాలా?

ఏజెంటు చెప్పినట్టు చేస్తే ధర 135 రూపాయలు, అమ్మకాలు 30,000 సీసాలు. రాబడి 37,50,000 నుంచి 40,50,000కు పెరుగుతుంది. పైపైన చూస్తే మంచి బేరంలాగే ఉంటుంది.

ధర మారినప్పుడు చర వ్యయాల జాబితాను మళ్లీ చూడాలి. ముడి సరుకులు, సీసా, కూలి, కరెంటు మారవు. కమీషన్ మాత్రం ధర మీద శాతం కాబట్టి 9 రూపాయల నుంచి 8.10కి దిగుతుంది. చర వ్యయం 104.10, కంట్రిబ్యూషన్ 30.90, పి/వి రేషియో 22.89 శాతం. పాత 105నే ఉంచేసి కంట్రిబ్యూషన్ 30 అని రాస్తే బ్రేక్ ఈవెన్ సరిగ్గా 30,000 సీసాలు వస్తుంది. అంకె గుండుగా ఉండేసరికి జవాబు సరిపోయిందన్న భ్రమ కలుగుతుంది.

సరైన లెక్కలో 9,00,000ను 30.90తో భాగిస్తే 29,126.2, అంటే 29,127 సీసాలు. అమ్మేది 30,000 కాబట్టి మార్జిన్ ఆఫ్ సేఫ్టీ 873 సీసాలు, శాతంలో 2.91. లాభం 30,000 × 30.90 నుంచి 9,00,000 పోగా 27,000 రూపాయలు.

| | ఇప్పుడు | ధర తగ్గిస్తే |
|---|---|---|
| ధర (రూ.) | 150 | 135 |
| అమ్మే సీసాలు | 25,000 | 30,000 |
| సీసాకు కంట్రిబ్యూషన్ (రూ.) | 45 | 30.90 |
| బ్రేక్ ఈవెన్ (సీసాలు) | 20,000 | 29,127 |
| మార్జిన్ ఆఫ్ సేఫ్టీ | 20% | 2.91% |
| లాభం (రూ.) | 2,25,000 | 27,000 |

ధర తగ్గింది 10 శాతమే. కానీ ఆ 15 రూపాయలు దాదాపు మొత్తం కంట్రిబ్యూషన్ నుంచే పోయాయి. 45 రూపాయల కంట్రిబ్యూషన్‌కు అది మూడో వంతు దెబ్బ. కమీషన్ కొద్దిగా తగ్గడం వల్ల 14.10తో ఆగింది. దాన్ని పూడ్చడానికి 20 శాతం ఎక్కువ అమ్మడం చాలదు. పాత లాభం నిలబడాలంటే స్థిర వ్యయాలకు 2,25,000 లాభం కలిపి 30.90తో భాగించాలి. 36,408 సీసాలు వస్తుంది. అంటే అమ్మకాలు సుమారు 46 శాతం పెరగాలి. ఏజెంటుకు ఇచ్చే జవాబు ఈ ఒక్క సంఖ్యలో ఉంది. ఏజెంటు కమీషన్ మాత్రం ధర తగ్గించినా పెరుగుతుంది: 25,000 సీసాల మీద 2,25,000 వచ్చేది 30,000 సీసాల మీద 2,43,000 అవుతుంది. యజమాని లాభం పడిపోయే ప్రతిపాదన ఏజెంటుకు ఎందుకు నచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

వ్యాఖ్య రాయడం

లెక్క తర్వాత రాసే వ్యాఖ్యలో తరచూ కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: 'బ్రేక్ ఈవెన్ పాయింట్ 20,000 సీసాలు, మార్జిన్ ఆఫ్ సేఫ్టీ 20 శాతం కాబట్టి సంస్థ పరిస్థితి బాగుంది.' పైన ఉన్న అంకెలనే ఇది మళ్లీ చెప్పింది. 20 శాతం ఎందుకు బాగున్నట్టో చెప్పలేదు. మార్జిన్ ఇంత ఉంటే మంచిది అని అన్ని వ్యాపారాలకూ వర్తించే గీత ఏదీ లేదు. ఏడాదంతా ఒకే తీరున అమ్ముడయ్యే సరుకుకు 20 శాతం చాలవచ్చు. పండగలకో సీజన్‌కో అమ్మకాలు పడి లేచే సరుకుకు అది పలచన.

మంచి వ్యాఖ్యలో మూడు సంగతులు ఉండాలి: సంఖ్య అర్థం, దాని వెనక కారణం, దాన్నిబట్టి తీసుకోవాల్సిన నిర్ణయం. అర్థాన్ని స్పష్టంగా చెప్పడానికి ఒక చిన్న లెక్క పనికొస్తుంది. మార్జిన్ 20 శాతం ఉన్నప్పుడు అమ్మకాలు 10 శాతం తగ్గితే లాభం ఎంత తగ్గుతుంది? 22,500 సీసాల కంట్రిబ్యూషన్ 10,12,500. స్థిర వ్యయాలు పోగా 1,12,500. లాభం సగానికి సగం పడిపోయింది. 1ని 0.20తో భాగిస్తే వచ్చే 5 చెబుతున్నది ఇదే: అమ్మకాల్లో ప్రతి 1 శాతం మార్పుకూ లాభం 5 శాతం మారుతుంది. ధర తగ్గించిన పరిస్థితిలో ఇదే గుణకం 34 దాటుతుంది. ధర తగ్గాక 3 శాతం అమ్మకాలు పడిపోయినా నష్టమే.

ఈ అసైన్‌మెంట్‌కు రాయదగిన వ్యాఖ్య సుమారుగా ఇలా ఉంటుంది:

'యూనిట్ ఏడాది అమ్మకాల్లో మొదటి 20,000 సీసాలు స్థిర వ్యయాలు తీర్చడానికే సరిపోతున్నాయి. లాభం చివరి 5,000 సీసాల నుంచే వస్తోంది. అమ్మకాలు 20 శాతం వరకు తగ్గినా నష్టం రాదు, కానీ 10 శాతం తగ్గితే లాభం సగమవుతుంది. స్థిర వ్యయాల్లో సగానికి పైగా నెల జీతాలే కావడం దీనికి ప్రధాన కారణం. ధర 10 శాతం తగ్గిస్తే రాబడి పెరిగినా లాభం 2,25,000 నుంచి 27,000కు, మార్జిన్ 2.91 శాతానికి పడిపోతాయి. పాత లాభం రావాలంటే 36,408 సీసాలు అమ్మాలి. కాబట్టి ప్రతిపాదనను అంగీకరించరాదు.'

ఏడు వాక్యాలే. అయితే ప్రతి వాక్యంలోనూ లెక్క నుంచి తీసిన సంఖ్యో, ఆ సంఖ్యకు కారణమో, దాన్నిబట్టి తీసుకున్న నిర్ణయమో ఉంది.

ఈ లెక్క చెప్పనిది

మార్జిన్ ఆఫ్ సేఫ్టీ కొలిచేది ఒకే రకం ప్రమాదాన్ని: అమ్ముడయ్యే సీసాలు తగ్గడం. ముడి సరుకు ధర పెరిగితే ఏమవుతుందో ఆ 20 శాతంలో కనిపించదు. ఆవకాయకు కావాల్సిన మిరప గుంటూరు యార్డులో ఏటా ఒకే ధర పలకదు. నూనె సంగతీ అంతే. ముడి సరుకుల ఖర్చు 72 నుంచి 78కి పెరిగిందనుకుంటే కంట్రిబ్యూషన్ 39కి దిగుతుంది. బ్రేక్ ఈవెన్ 23,077 సీసాలకు జరుగుతుంది. 25,000 సీసాలూ అమ్ముడైనా మార్జిన్ 7.69 శాతమే మిగులుతుంది. ఒక్క సీసా తగ్గకుండానే భద్రతలో ఐదింట మూడొంతులకు పైగా ఎగిరిపోయింది.

పచ్చళ్లలాంటి సీజన్ సరుకులో ఇంకో చిక్కు ఉంది. తయారైన సరుకంతా అదే ఏడాది అమ్ముడవుతుందని ఈ లెక్క భావిస్తుంది. మామిడి వేసవిలోనే దొరుకుతుంది, ఆవకాయ ఏడాది పొడుగునా అమ్ముడవుతుంది. మార్చి 31న లెక్కలు ముగించేనాటికి కొంత సరుకు గోదాములో ఉండటం సహజం. ఇక్కడ వాడిన మార్జినల్ కాస్టింగ్‌లో ఆ నిల్వకు చర వ్యయం మాత్రమే కడతారు. ఆ ఏడాది స్థిర వ్యయాలన్నీ ఆ ఏడాదికే రాస్తారు. బయటికి ప్రకటించే లెక్కల్లో ఉత్పత్తికి సంబంధించిన స్థిర వ్యయాల్లో కొంత భాగం నిల్వతో పాటు వచ్చే ఏడాదికి జరుగుతుంది. అందుకే అమ్మకాలు బ్రేక్ ఈవెన్ దగ్గరే ఆగినా, నిల్వ పెరిగిన ఏడాది ఆ పుస్తకాల్లో కొంత లాభం కనిపించవచ్చు. రెండు లెక్కలూ పొంతన కుదరనప్పుడు తప్పు వెతికే ముందు నిల్వల వైపు చూడాలి.

ధర విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. లెక్కలోకి తీసుకోవాల్సింది జీఎస్టీ కలపని ధర. కొనేవాడి దగ్గర వసూలు చేసినా ఆ పన్ను ప్రభుత్వానికి చేరేదే, యూనిట్ రాబడి కాదు. ప్రశ్నలో పన్నుతో కలిపిన ధర ఇస్తే ముందు దాన్ని తీసేయాలి. లేకపోతే కంట్రిబ్యూషన్ ఉన్నదానికంటే ఎక్కువగా, బ్రేక్ ఈవెన్ తక్కువగా కనిపిస్తాయి.

స్థిర వ్యయాలు ఎప్పటికీ కదలవనుకోవడమూ పొరపాటే. ఈ షెడ్డులో, ఈ సిబ్బందితో ఎన్ని సీసాలు తయారవుతాయో ఆ మేరకే 9,00,000 చెల్లుతుంది. 36,408 సీసాలు అమ్మాలంటే ఇంకో షెడ్డో, మరో ఇద్దరు నెల జీతగాళ్లో కావాల్సి రావచ్చు. అప్పుడు స్థిర వ్యయం ఒక మెట్టు పైకెక్కుతుంది, హుండీ పెద్దదవుతుంది, 36,408 కూడా చాలదు. కొత్త స్థిర వ్యయంతో భాగహారం మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.